వత్తుకు చోటేదీ? రెండో తరగతి వర్క్‌షీట్ లేఅవుట్ సమీక్ష: ప్రాజెక్టు డైరీ

1వ రోజు: చేతికొచ్చిన ముసాయిదా

రెండో తరగతి తెలుగు వర్క్‌షీట్. పాఠం ద్విత్వాక్షరాలు, అంటే అక్షరానికి అదే అక్షరం వత్తుగా వచ్చేవి: బొమ్మ, గుర్రం, నెయ్యి లాంటివి. తిరుపతి చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల్లో వాడేందుకు టీచర్లు రాసిచ్చారు, డీటీపీ చేయించారు, జిరాక్స్ తీసి పంచాలి. ఏ4 కాగితం, ఒకే పేజీ, నాలుగు అభ్యాసాలు. మొదటిది పదాలు చదవడం, రెండోది ఖాళీలో వత్తు రాయడం (8 పదాలు), మూడోది బొమ్మ చూసి పేరు రాయడం (6 బొమ్మలు), నాలుగోది రెండు సొంత వాక్యాలు.

స్క్రీన్ మీద చూస్తే ముద్దుగా ఉంది. అందుకే స్క్రీన్ మీద సమీక్ష చేయలేదు. ప్రింట్ తీసి, ఆ ప్రింట్‌ని జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్‌ని మళ్లీ జిరాక్స్ తీసి, ఆ మూడో కాపీని బల్ల మీద పెట్టుకుని స్కేలుతో కొలిచాం. పిల్లవాడి చేతికి అందేది దాదాపు అదే.

కొలతలు ఇలా వచ్చాయి. పదాలు 14 పాయింట్లు, సూచనలు 12 పాయింట్లు. అక్షరం ఎత్తు సుమారు 2.8 మిల్లీమీటర్లు. దాని కింది వత్తు ఎత్తు 1.8 కూడా లేదు. జవాబు రాయాల్సిన చోట ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య 9 మిల్లీమీటర్లు. ఖాళీలన్నీ కీబోర్డులో అండర్‌స్కోర్ నొక్కి పెట్టినవే. వాటి పొడవు టైపు చేసిన జవాబుకు సరిపోతుంది, రెండో తరగతి పిల్లవాడు రాసే జవాబుకు సరిపోదు.

తప్పులు చాలా కనిపిస్తున్నా, అన్నిటికీ మూలం ఒకటే. పేజీని లైన్ల మీద అక్షరాలు వరసగా కూర్చునే భాషకు వేసినట్టు వేశారు. ఈ పాఠమంతా జరిగేది లైన్ కింద. కాబట్టి టైపు సైజైనా, జవాబు చోటైనా, సూచనైనా వత్తుతోనే కొలవాలని నిర్ణయించుకుని పని మొదలుపెట్టాం.

2వ రోజు: టైపు సైజు

పాయింట్లలో మాట్లాడుకుంటే తెలుగులో మోసపోతాం. ఒకే 18 పాయింట్లు పెట్టినా ఒక ఫాంట్‌లో అక్షరం బొద్దుగా వస్తుంది, ఇంకో ఫాంట్‌లో గుండు సూది తలకాయంత వస్తుంది. పాయింటు లెక్క అక్షరం ఎత్తుకు కాదు, ఫాంట్ తనకోసం పెట్టుకున్న గడి మొత్తానికి. తెలుగు ఫాంట్ తయారుచేసేవాళ్లు ఆ గడిలోనే పైన గుడికీ ఏత్వానికీ, కింద వత్తుకూ చోటు చూడాలి. ఎవరెంత చోటు వదిలారన్నదాన్ని బట్టి అసలు అక్షరం చిన్నదో పెద్దదో అవుతుంది. అందుకని ‘రెండో తరగతికి 20 పాయింట్లు’ అని రాసి ఊరుకోకుండా, మిల్లీమీటర్లలో ఒక హద్దు పెట్టుకున్నాం: జిరాక్స్ అయ్యాక వత్తు ఎత్తు 2.5 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

దీనికోసం ఒక పరీక్ష పట్టీ చేశాం. ‘కొబ్బరి, గుర్రం, బొమ్మ, నెయ్యి, అత్త, అన్న’ అనే ఆరు పదాలను 14, 16, 18, 20, 24 పాయింట్లలో ఒకదాని కింద ఒకటి వేసి, అదే జిరాక్స్ మిషన్‌లో మూడుసార్లు కాపీ తీశాం. చూడాల్సింది అక్షరాలను కాదు, వత్తులనే. త వత్తు, న వత్తు కొన్ని ఫాంట్లలో కొక్కేల్లా దగ్గరి ఆకారంలో ఉంటాయి. 14లో ‘అత్త’ కింద ఏముందో పెద్దవాళ్లు అర్థాన్ని బట్టి ఊహించి చదివేస్తారు. వత్తు రూపాన్నే నేర్చుకుంటున్న పిల్లకు ఆ ఊహ ఉండదు. మా ఫాంట్‌లో 18 దగ్గర తేడా తెలిసింది, 20 దగ్గర వత్తు 2.5 మిల్లీమీటర్లు వచ్చింది. 20 ఖాయం చేశాం. ఇది ఈ ఫాంట్‌కే. ఫాంట్ మారితే పట్టీ మళ్లీ తీయాల్సిందే.

బోల్డ్ సంగతి వేరే చెప్పాలి. ముసాయిదాలో ముఖ్యమైన పదాలన్నీ బోల్డ్ చేశారు. తెలుగు ఫాంట్లలో చాలావాటికి ఒకే మందం ఉంటుంది, ఉదాహరణకు మండలి, ఎన్టీఆర్ ఫాంట్లు. అలాంటిదాన్ని పట్టుకుని బోల్డ్ నొక్కితే సాఫ్ట్‌వేర్ ఉన్న అక్షరాన్నే కాస్త పూసి లావు చేస్తుంది. లోపలి ఖాళీలు పూడిపోతాయి. జిరాక్స్ మిగతాది పూర్తిచేస్తుంది. మొదట పోయేది థ లోపలి చుక్క, అప్పుడది ధ అవుతుంది. ఆ తర్వాత ఠ లోపలి చుక్క మసకబారి అక్షరమే ర లాగా తోస్తుంది. బోల్డ్ మొత్తం తీసేశాం. ప్రత్యేకంగా చూపించాలంటే సైజు పెంచడమే.

లైన్ల మధ్య ఎడం దగ్గర ఇంకో చిక్కు. పేజీలో ఎక్కువ పట్టాలని డీటీపీలో లైన్ ఎత్తును కచ్చితమైన కొలతకు బిగించారు. అలా బిగిస్తే ఆ కొలత దాటి కిందికి దిగిన వత్తు అంచు తెగిపోతుంది. ‘కొబ్బరి’లో బ వత్తు కింది వంపు తెగి, అడుగున కత్తిరించినట్టు తేలింది. వర్డ్‌లో అయితే లైన్ స్పేసింగ్‌ని `Exactly` నుంచి `At least`కి, లిబ్రెఆఫీస్‌లో అయితే `Fixed` నుంచి `At least`కి మార్చి 36 పాయింట్లు పెట్టాలి. అది 12.7 మిల్లీమీటర్లు. వత్తు తెగిందో లేదో తెలుసుకోవాలంటే ప్రతి పదం కింద వేలు పెట్టి చూసుకుంటూ పోవడమే మార్గం, స్పెల్ చెక్‌కి ఇది దొరకదు.

3వ రోజు: వత్తు ఖాళీ ఎక్కడ పెట్టాలి

రెండో అభ్యాసం దగ్గరే సగం రోజు పోయింది. ముసాయిదాలో ఖాళీ పదం మధ్యలో పెట్టారు. గుర్రం అనే పదాన్ని గు, ర, ఒక అండర్‌స్కోర్, చివర సున్నాగా టైపు చేశారు. కొన్నిచోట్ల ర తర్వాత పొల్లు కూడా ఉండిపోయింది. దీంట్లో మూడు తప్పులున్నాయి.

మొదటిది, ఖాళీ అక్షరం పక్కన ఉంది. వత్తు రావాల్సింది అక్షరం కింద. పక్కన గీత కనిపిస్తే పిల్లలు ఆ గీత మీద పూర్తి అక్షరం రాస్తారు. నమూనాగా కొందరు పిల్లలకు ఇచ్చి చూసినప్పుడు సగానికి పైగా ‘గురరం’ అని రాశారు. ఒక పాప మాత్రం పెన్సిల్ ఎత్తి పట్టుకుని అడిగింది: “మేడమ్, ఈడ రాసేదా, కింద రాసేదా?” ఆ ప్రశ్నకు జవాబు పేజీలోనే ఉండాలి. పాపకు వత్తు వచ్చు, పేజీయే తప్పు దారి చూపించింది.

రెండోది, పొల్లు. వత్తును చెరిపినప్పుడు ర వెనక పొల్లు గుర్తు మిగిలితే అచ్చులో ‘ర్’ అని వస్తుంది. టైపు చేసేవాళ్లకు అది సగం తీసిన వత్తు. పిల్లలకు అది ఇంకా చెప్పని కొత్త అక్షరం.

మూడోది, చుక్కల సున్నా. వత్తు, సున్నా, గుణింతపు గుర్తు లాంటివి ఒక అక్షరాన్ని ఆనుకుని ఉండాల్సినవి. ఆనుకోవడానికి అక్షరం లేకుండా అండర్‌స్కోర్ తర్వాతో, విడిగానో టైపు చేస్తే కంప్యూటర్ అక్కడ చుక్కలతో ఒక గుండ్రం పెడుతుంది. అభ్యాసం పైన ‘ఈ వత్తుల నుంచి ఎంచుకోండి’ అని ఇచ్చిన వరసలో ప్రతి వత్తు నెత్తిన ఆ గుండ్రం ఉంది. పెద్దవాళ్ల కంటికది ఆనదు, పిల్లలు మాత్రం ఉన్నదున్నట్టు దించేశారు. కొందరి జవాబుల్లో ర కింద ఒక సున్నా, దాని కింద వత్తు!

దిద్దుబాటు ఇది. పదాన్ని వత్తు లేకుండా మామూలుగా టైపు చేశాం: గురం, కొబరి, నెయి, మజిగ, ముకు, అలం. ఈ పదాలు మాత్రం 28 పాయింట్లు. వత్తు రావాల్సిన అక్షరం కింద 12 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల ఎత్తున్న చుక్కల గడి గీశాం. య వత్తు సూటిగా కిందికి దిగదు, కుడిపక్కకు జరుగుతుంది కాబట్టి ‘నెయి’ కింది గడిని 4 మిల్లీమీటర్లు కుడికి జరిపాం. అన్ని గడులూ ఒకే వరసలో ఉంటే కంటికి బాగుంటుందని డీటీపీలో వాటిని మళ్లీ సరిచేసే ప్రమాదం ఉంది. అక్కడ ఎర్ర పెన్నుతో ‘జరపొద్దు’ అని రాసిపెట్టాం.

తప్పు రూపం (గురం) అచ్చులో కనిపించడం మీద అభ్యంతరం వచ్చింది. న్యాయమైనదే. ఏడేళ్ల పిల్ల అచ్చులో ఉన్నదాన్ని నమ్ముతుంది. అందుకే ప్రతి పదం పక్కన పదం మొత్తం తిరిగి రాసే గీత ఇచ్చాం, చివరగా కంటిముందు మిగిలేది సరైన రూపమే అయ్యేలా. వెడల్పు సరిపోతుందా అని లెక్క వేశాం. కాగితం 210, అటూ ఇటూ 15 చొప్పున మార్జిన్ తీస్తే 180. రెండు వరసల మధ్య 8 వదిలితే ఒక్కో వరసకు 86 మిల్లీమీటర్లు. పదానికి 30, మధ్యలో 4, రాయడానికి 52. ‘కొబ్బరి’ రాయడానికి ఈ వయసు పిల్లలకు 45 దాకా పడుతుంది. సరిపోయింది, ఎక్కువేమీ మిగల్లేదు.

వత్తుల వరసను తీసేసి, దాని స్థానంలో ద్విత్వాలనే పూర్తిగా వేశాం: ర్ర, బ్బ, య్య, జ్జ, క్క, ల్ల. పిల్లలు వాటిలో కింది భాగం చూసి రాసుకుంటారు, చుక్కల గుండ్రం బెడద ఉండదు. విడి వత్తే అచ్చు వేయాల్సిన చోట (గోడ చార్టు లాంటిదానికి) ముందు విడిపోని ఖాళీ, అంటే నో-బ్రేక్ స్పేస్ పెట్టి, దాని వెనక పొల్లు, ఆ వెనక హల్లు టైపు చేస్తే చాలా ఫాంట్లలో గుండ్రం పోతుంది. ర వత్తుకు లిబ్రెఆఫీస్ రైటర్‌లోనైనా వర్డ్‌లోనైనా ఇలా, ప్రతి సంఖ్య తర్వాతా `Alt+X` నొక్కుతూ:

```
00A0   Alt+X
0C4D   Alt+X
0C30   Alt+X
```

అప్పటికీ గుండ్రం పోకపోతే ఆ ముక్కను ఇంక్‌స్కేప్‌లో గీతలుగా మార్చి, గుండ్రాన్ని చెరిపి, బొమ్మలాగా తెచ్చి అతికించడమే.

5వ రోజు: రాసే చోటు కొలవడం

పిల్లల జవాబుకు ఎంత చోటు కావాలో ఊహించి పెట్టకూడదు. రెండో తరగతి పిల్లల తెలుగు నోటు పుస్తకాలు తెప్పించి, గీతల్లేని చోట వాళ్లు రాసిన పదాలను స్కేలుతో కొలిచాం. గీతలున్న చోట గీతే సైజును శాసిస్తుంది, అది పిల్ల సొంత సైజు కాదు. అక్షరం ఒళ్లు 8 నుంచి 11 మిల్లీమీటర్లు. పైన గుడి, ఏత్వం 3 నుంచి 4. కింద వత్తు 6 నుంచి 7. పిల్లలు రాసే వత్తు అచ్చులో ఉన్నంత చిన్నగా ఉండదు, దాదాపు అక్షరమంత రాస్తారు. అంతా కలిపితే సగటున దాదాపు 20, కింది లైన్‌కి తగలకుండా ఇంకో 2. ఒక జవాబు లైన్‌కి 22 మిల్లీమీటర్లు కావాలి. ముసాయిదాలో ఉన్నది 9.

9 మిల్లీమీటర్లలో ఏమవుతుందో నమూనా కాగితాల్లోనే కనిపించింది. పై లైన్‌లో రాసిన వత్తు కింది లైన్ గుడిలోకి దూరిపోయింది. కొందరు వత్తుకు చోటు లేక పక్కన రాశారు. దిద్దేవాళ్లు దాన్ని తప్పు కింద లెక్కవేస్తే, పిల్లకు వత్తు రాదని నమోదవుతుంది. చోటు లేకపోవడం, రాకపోవడం అనే రెండూ కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి. సమీక్షలో దీన్ని వేరుచేసే పద్ధతి తేలికైనది: అదే పదాన్ని ఖాళీ కాగితం మీద రాయించి చూడాలి. అక్కడ వత్తు కిందికి దిగితే తప్పు పేజీది.

22 మిల్లీమీటర్లు పెట్టుకుంటే పేజీ ఎంత పడుతుందో లెక్క వేశాం. ఏ4 ఎత్తు 297. పైనా కిందా 15 చొప్పున తీస్తే 267. పేరు, తరగతి, తేదీలకు 17 పోతే 250. రెండో అభ్యాసంలో పదాలు 8 నుంచి 6కి తగ్గించాం. రెండు వరసల్లో మూడు లైన్లు, 66. దాని సూచన, చేసి చూపిన ఉదాహరణ, ద్విత్వాల వరస కలిపి 48. మొత్తం 114. మూడో అభ్యాసంలో వరసకు మూడు బొమ్మలు, రెండు వరసలు. బొమ్మకు 30, కింద రాయడానికి 22, అంటే 52. రెండు వరసలకు 104, సూచనకు 14, మొత్తం 118. రెండూ కలిపితే 232. మిగిలింది 18 మిల్లీమీటర్లు, అదీ అభ్యాసాల మధ్య ఊపిరాడే చోటుకే చాలు. చదివే పదాలూ, సొంత వాక్యాలూ రెండో పేజీకి పోక తప్పదు.

ఖర్చు రెట్టింపవుతుందని టీచర్లు అడ్డుచెప్పారు. ఒకే కాగితానికి రెండు వైపులా వేస్తే కాగితం ఖర్చు పెరగదు, కానీ 70 జీఎస్ఎం కాగితంలో వెనకవైపు అచ్చు ముందుకు మసకగా కనిపిస్తుంది. జవాబు ఖాళీలో వెనకాల నుంచి అక్షరాలు కనిపిస్తే పిల్లలు వాటిమీద కూడా గీస్తారు. కాస్త మందమైన 75 జీఎస్ఎం తీసుకుని, ముందువైపు జవాబు ఖాళీలున్న చోటికి వెనకవైపు కూడా ఖాళీలే వచ్చేలా సర్దాం. బొమ్మల వెనక చదివే పదాలు, ఖాళీల వెనక ఖాళీలు. బొమ్మల నల్లదనమే ఎక్కువగా కనిపించేది కాబట్టి ఇది పనిచేసింది.

సొంత వాక్యానికి ముసాయిదాలో ఒక్కో గీత ఇచ్చారు. ఒక అక్షరానికి సగటున 13 మిల్లీమీటర్లు, పదాల మధ్య 10 అనుకుంటే ‘పిల్లి పాలు తాగింది’ 7 అక్షరాలు, 91, రెండు ఎడాలకు 20, మొత్తం 111. ఒక గీతలో పడుతుంది. ‘నాన్న తిరుపతి లడ్డు తెచ్చాడు’ 11 అక్షరాలు, 143, మూడు ఎడాలకు 30, మొత్తం 173. గీత పొడవు 180. లెక్కలో పట్టినా చేతిలో పట్టదు, ‘తెచ్చాడు’ దగ్గరికొచ్చేసరికి అక్షరాలు నలిగిపోతాయి. అసలు ఇంత చక్కటి వాక్యం రాసే పిల్లనే పేజీ శిక్షిస్తుంది. ప్రతి వాక్యానికీ రెండు గీతలు పెట్టాం.

మరొకటి. ముసాయిదాలో చిన్న పేర్లకు చిన్న ఖాళీ, పెద్ద పేర్లకు పెద్ద ఖాళీ ఉన్నాయి. చురుకైన పిల్లలు గీత పొడవు చూసి పదం ఊహిస్తారు. మూడో అభ్యాసంలో ఖాళీలన్నీ 56 మిల్లీమీటర్లకు సమానం చేశాం.

6వ రోజు: సూచనలు

రెండో అభ్యాసం మీద ఉన్న సూచన ఇది: ‘క్రింది పదములలోని ఖాళీలను తగిన ద్విత్వాక్షరములతో పూరించి, ఆ పదములను తిరిగి వ్రాయుము.’

ఇది పాతకాలపు భాష అని అందరికీ తెలుసు, దాన్ని మార్చాలనీ తెలుసు. అంతకన్నా పెద్ద చిక్కు మొదట ఎవరికీ కనిపించలేదు. ఈ వర్క్‌షీట్ ద్విత్వాలు నేర్చుకునే పిల్లలది. సంయుక్తాక్షరాలు, అంటే ఒక అక్షరానికి వేరే అక్షరం వత్తుగా వచ్చేవి, ఇంకా మొదలుకాలేదు. సూచనలో ‘క్రి’, ‘ద్వి’, ‘త్వా’, ‘వ్రా’ ఉన్నాయి. పాఠం అయిపోయాక కూడా పిల్ల సూచన చదవలేదు. పైగా ఒకే వాక్యంలో రెండు పనులున్నాయి, మొదటిది ‘పూరించి’ అని మధ్యలో దాక్కుంది. పిల్లలు చివర వినపడిన పని మాత్రమే చేస్తారు.

రెండు నియమాలు పెట్టుకున్నాం: ఒక వాక్యంలో ఒకే పని, సూచనలో పిల్లలకు వచ్చిన అక్షరాలే. ఇలా వచ్చింది: ‘గడిలో వత్తు రాయండి. పక్కన పదం మొత్తం రాయండి.’ ఇందులో వత్తున్న అక్షరాలు త్తు, క్క, త్త, అన్నీ ద్విత్వాలే. సూచన చదవడమే ఒక చిన్న అభ్యాసమైంది. మూడోదానికి ‘బొమ్మ చూడండి. పేరు రాయండి.’ ముందు ‘రాయి’ అని పెట్టాం, కానీ విడిగా చదివేవాళ్లకు అది బండరాయి. ఒకడు నిజంగానే బొమ్మల్లో రాయి ఎక్కడుందని వెతికాడు. ‘రాయండి’ అంటే ఆ గోల లేదు.

సూచన సైజు కూడా 20 పాయింట్లే. సూచన పెద్దవాళ్లు చదివి చెబుతారు కాబట్టి చిన్నగా ఉన్నా ఫరవాలేదన్నది డీటీపీవాళ్ల అలవాటు. రెండు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చునే బడిలో టీచర్ ఇంకో తరగతికి చెబుతున్నప్పుడు ఈ పిల్లలు సొంతంగానే చదువుకోవాలి.

సూచనకన్నా పనిచేసేది చేసి చూపిన ఉదాహరణ. ‘బొమ’ కింద గడిలో మ వత్తు, పక్కన గీత మీద ‘బొమ్మ’. దాన్ని అచ్చు అక్షరాలతో కాకుండా పెన్సిల్‌తో రాయించి, స్కాన్ చేసి పెట్టాం. అచ్చులో ఉంటే అదీ ప్రశ్నలో భాగమే అనుకుంటారు. జవాబులో ఎంత పెద్దగా రాయాలో, వత్తు ఎంత కిందికి దిగాలో కూడా ఆ చేతిరాతే చెబుతుంది. బూడిద రంగులో పెట్టాలన్న ఆలోచన వదిలేశాం. జిరాక్స్‌లో బూడిద రంగు అయితే పోతుంది, లేకపోతే మురికిలాగా అచ్చవుతుంది.

7వ రోజు: బొమ్మలు, పేర్లు

ఇది లేఅవుట్ పని కాదనిపిస్తుంది. కానీ బొమ్మకు రెండు పేర్లుంటే సూచన ఎంత సూటిగా ఉన్నా జవాబు తప్పుతుంది. పదాలు చూపించకుండా బొమ్మలు మాత్రం పిల్లలకు చూపించి ‘ఇదేంది?’ అని అడిగాం. లడ్డు బొమ్మ జిరాక్స్‌లో నల్ల గుండ్రం అయిపోయి ‘బంతి’ అన్నారు. తిరుపతి పిల్లలు లడ్డును పోల్చుకోలేదంటే తప్పు బొమ్మదే. పళ్లెంలో మూడు లడ్డులు, పైన జీడిపప్పు, లోపల నలుపు నింపకుండా గీతలతో వేయించాం. చొక్కాను కొందరు ‘అంగీ’ అన్నారు, అది సరైన మాటే, కానీ అందులో ద్విత్వం లేదు. ఆ బొమ్మ తీసేసి కుక్కను పెట్టాం. గిన్నెను ‘బొచ్చె’ అన్నవాళ్లున్నారు. అందులోనూ ద్విత్వం ఉంది కాబట్టి బొమ్మను ఉంచి, టీచర్ కాగితంలో రెండూ ఒప్పు అని రాశాం. మొక్కను చూసి ‘చెట్టు’ అన్నారు, అదీ ద్విత్వమే. అయినా కుండీలో రెండాకుల మొలకగా మార్చాక అందరూ మొక్కనే అన్నారు. నగరి, కుప్పం వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు ఎక్కువ. అక్కడికి పంపే ముందు ఈ బొమ్మల పరీక్ష మళ్లీ చేయాలి.

9వ రోజు: రెండో ముసాయిదా, కొత్త తప్పు

22 మిల్లీమీటర్ల లైన్ ఇచ్చాం, పైన ఒక గీత, 10 మిల్లీమీటర్ల కింద ఇంకో గీత, దాని కింద వత్తుకు ఖాళీ. రెండు గీతలూ నిండు గీతలే. పిల్లలు వత్తును కూడా ఆ రెండు గీతల మధ్యే ఇరికించారు. కింది గీత వాళ్లకు గోడ. గీత దాటొద్దని ఒకటో తరగతి నుంచి చెప్పించుకున్నవాళ్లు మరి.

పై గీత తీసేశాం. కింది గీతను అర పాయింటు మందంతో, చుక్కల గీతగా మార్చాం. రెండో అభ్యాసంలో వత్తు గడిదీ చుక్కల గీతే కాబట్టి రెండూ ఒకే రకమనిపించి, దాటి రాయడం అలవాటైంది. మళ్లీ నమూనా ఇస్తే వత్తులు కిందికి దిగాయి. ఇద్దరు మాత్రం అక్షరాన్నే 18 మిల్లీమీటర్లు రాసి చోటంతా నింపేశారు. చోటు ఎక్కువైతే వచ్చే తప్పు ఇది. వాళ్ల కాగితాలు చూస్తే ఉదాహరణ ఉన్న అభ్యాసంలో సరిగ్గానే రాశారు, లేనిదాంట్లోనే పెంచారు. మూడో అభ్యాసంలో మొదటి బొమ్మను కూడా చేసి చూపినదిగా మార్చాం.

10వ రోజు: ప్రింట్‌కు ఇచ్చేముందు

పీడీఎఫ్‌లో ఫాంట్ లోపలే ఉందో లేదో చూడాలి. లేకపోతే షాపు కంప్యూటర్ తన దగ్గరున్న ఏదో ఫాంట్ పెట్టేస్తుంది, రెండో రోజు కొలిచిన 2.5 మిల్లీమీటర్లు గాలికి పోతాయి.

```
pdffonts worksheet.pdf
```

`emb` అనే వరసలో అన్నిటికీ `yes` ఉండాలి.

తర్వాతది ప్రింట్ సైజు. ప్రింట్ పెట్టెలో ‘పేజీకి సరిపెట్టు’ అనే ఎంపిక టిక్ అయి ఉంటే పేజీ కొద్దిగా కుంచించుకుపోతుంది. కంటికి తెలియదు. అందుకని పేజీ అడుగున సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత ఒకటి వేసి, కింద ‘ఈ గీత 10 సెం.మీ. ఉండాలి’ అని రాశాం. మొదటి ప్రింట్‌లో అది 96 మిల్లీమీటర్లు వచ్చింది. అసలు సైజుకు మార్చి మళ్లీ తీయించాం.

జిరాక్స్ షాపులో అసలు సమస్య ఎదురైంది. కట్ట చూడగానే షాపతను అడిగాడు: “సార్, ఒక పేజీలో రెండు ఏసేదా? సగం ఖర్చుకే అయిపోతుంది.” మామూలుగా బళ్లకు అలాగే చేస్తారు. ఏ4ని సగానికి తగ్గిస్తే పొడవు, వెడల్పు రెండూ 71 శాతానికి వస్తాయి. 20 పాయింట్లు 14 అవుతాయి, అంటే మొదటి ముసాయిదాకే తిరిగి వెళ్లినట్టు. వత్తు 1.8 మిల్లీమీటర్లు, రాసే లైన్ 22 నుంచి 15.6. అక్షరానికి సరిపోతుంది, వత్తుకు చోటుండదు.

ఖర్చు తగ్గించి తీరాల్సిన బళ్లకు రెండో మార్గం ఒకటి చేసిపెట్టాం. మూడో అభ్యాసం మాత్రమే, వరసకు రెండు బొమ్మలు, రెండు వరసలు, ఏ5 కాగితానికే లెక్కవేసి, 20 పాయింట్లలోనే. ఏ5 వెడల్పు 148, మార్జిన్లు 10 చొప్పున తీస్తే 128. మధ్యలో 8 పోతే ఒక్కో బొమ్మకు 60, పేరు రాసే 56 గీత పడుతుంది. ఆ ఫైల్‌ని ఏ4 మీద రెండు పక్కపక్కన పెట్టి వేసుకోవచ్చు, కుదించే పని లేదు. అడుగున 10 సెంటీమీటర్ల గీత అందులోనూ ఉంది.

సంయుక్తాక్షరాల వర్క్‌షీట్ ముసాయిదా నిన్ననే వచ్చింది. అందులో ‘రాష్ట్రం’ ఉంది, ష కింద ట, దాంతోపాటు ర. నోటు పుస్తకాల్లో కొలిస్తే ఆ ఒక్క పదానికే వత్తులు 12 మిల్లీమీటర్లు కిందికి దిగాయి. ఆ పేజీకి లైన్ 28 పెట్టి మొదలుపెట్టాలి.